సమాజానికి అద్దంలాంటి ఉద్యోగ యంత్రాంగం మెరుగ్గా పనిచేస్తుందా? పోలీస్ స్టేషన్లో మహిళల ఉదాహరణతో తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాతినిధ్య ఉద్యోగస్వామ్యం అంటే ఏమిటి?

ఒక దేశంలో స్త్రీపురుషులు, కులాలు, మతాలు, ప్రాంతాలు ఏ పాళ్లలో ఉన్నాయో ప్రభుత్వ ఉద్యోగుల్లోనూ దాదాపు అవే పాళ్లు ఉండాలని, అలా ఉన్నప్పుడే పాలన ప్రజల అవసరాలకు దగ్గరగా నడుస్తుందని చెప్పే వాదాన్ని ప్రాతినిధ్య ఉద్యోగస్వామ్యం అంటారు. ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాడు జె. డొనాల్డ్ కింగ్స్లీ. 1944లో ఆయన రాసిన పుస్తకం బ్రిటిష్ సివిల్ సర్వీసు గురించి. ఉన్నతోద్యోగులు ఏ వర్గాల నుంచి వస్తారో ఆ వర్గాల చూపే పాలనలోకి వస్తుందన్నది ఆయన గమనింపు. అక్కడ ఆయన పట్టించుకున్నది ప్రధానంగా వర్గ భేదం. తర్వాత అమెరికాలో ఈ చర్చ జాతి వైపు, స్త్రీపురుష భేదం వైపు మళ్లింది.

1968లో ఫ్రెడరిక్ మోషర్ ఒక విభజన చేశాడు. ఈ విషయంలో ఆ తర్వాత వచ్చిన పరిశోధనంతా దాని మీదే నిలబడింది. ఉద్యోగుల జాబితాలో ఒక వర్గం వాళ్లు ఎంతమంది ఉన్నారన్నది ఒక సంగతి, ఆ ఉన్నవాళ్లు తమ వర్గానికి మేలు జరిగేలా నిర్ణయాలు తీసుకుంటారా అన్నది వేరే సంగతి అని ఆయన చెప్పాడు. మొదటిదాన్ని నిష్క్రియ ప్రాతినిధ్యమని, రెండోదాన్ని క్రియాశీల ప్రాతినిధ్యమని అంటారు. మొదటిది ఉంటే రెండోది దానంతటదే వస్తుందని ఆయన అనుకోలేదు. మన దగ్గర జరిగే చర్చల్లో ఈ రెండూ తరచూ కలగలిసిపోతాయి. "ఇంత శాతం మంది ఉన్నారు" అని చెప్పి, "కాబట్టి ఇంత మేలు జరిగింది" అని ముగిస్తారు.

ఇంత పెద్ద విషయంలో పోలీస్ స్టేషన్నే ఎందుకు తీసుకున్నారు?

ప్రాతినిధ్యం వల్ల పౌరుడికి తేడా తెలియాలంటే, ఆ ఉద్యోగి చేతిలో నిర్ణయించే స్వేచ్ఛ కొంతైనా ఉండాలి. మీ సేవ కేంద్రంలో జనన ధ్రువపత్రం ఇచ్చే ఉద్యోగి ఎవరైనా దరఖాస్తు ఒకటే, రుసుము ఒకటే, వచ్చే కాగితమూ ఒకటే. అక్కడ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది మర్యాదలో తేడా తెస్తుందేమో గానీ ఫలితంలో పెద్దగా తేదు. పోలీస్ స్టేషన్ అలాంటిది కాదు. భర్త కొట్టాడని ఒక స్త్రీ వచ్చి చెప్పినప్పుడు కేసు కట్టాలా, ఇద్దరినీ పిలిచి కౌన్సెలింగ్ చేయాలా, "ఇంట్లో మాట్లాడుకోండమ్మా" అని పంపేయాలా అన్నది ఎదురుగా ఉన్న అధికారి ఆ నిమిషాన తేల్చే విషయం.

కేసు కట్టడం చట్టప్రకారం తప్పనిసరి కదా అని మీరు అడగవచ్చు. లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరు 12న ఇచ్చిన తీర్పు ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరే. కానీ అదే తీర్పు కొన్ని రకాల వ్యవహారాల్లో ముందుగా ప్రాథమిక విచారణ జరపవచ్చని కూడా చెప్పింది, ఆ జాబితాలో భార్యాభర్తల తగాదాలు, కుటుంబ వివాదాలు ఉన్నాయి. అంటే స్త్రీలు ఎక్కువగా తెచ్చే ఫిర్యాదుల దగ్గరే అధికారికి వెసులుబాటు కూడా ఎక్కువ. ప్రాతినిధ్య సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా తగిన చోటు దొరకడం కష్టం.

స్టేషన్లో మహిళా అధికారి ఉంటే నిజంగా తేడా వస్తుందని నిరూపణ ఉందా?

ఉంది. ఇప్పటివరకు మన దేశంలో దీని మీద జరిగిన పరీక్షల్లో గట్టిది మధ్యప్రదేశ్‌ది. సందీప్ సుఖ్తంకర్, గాబ్రియెల్ క్రుక్స్-విస్నర్, అక్షయ్ మంగ్లా అనే ముగ్గురు పరిశోధకులు ఆ రాష్ట్ర పోలీసు శాఖతో కలిసి చేసిన ఈ పరీక్ష ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మొత్తం 180 స్టేషన్లు, వాటి పరిధిలో 2 కోట్ల 34 లక్షల జనాభా. ఏ స్టేషన్లో ఏ మార్పు చేయాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఒక జట్టు స్టేషన్లలో ఊర్జా పేరుతో మహిళా సహాయ డెస్కు పెట్టారు. రెండో జట్టులో అదే డెస్కు పెట్టి, దాన్ని మహిళా అధికారులే నడపాలని నిర్దేశించారు. మూడో జట్టును ఉన్నదున్నట్టు వదిలేశారు.

డెస్కు అంటే ఒక బల్ల, దాని మీద ఒక బోర్డు అనుకోకండి. ఫిర్యాదుదారు నలుగురి మధ్య కాకుండా పక్కన కూర్చుని మాట్లాడుకునే చోటు ఇచ్చారు, వచ్చిన ఫిర్యాదును ఏ వరుసలో నమోదు చేయాలో రాతపూర్వకంగా ఇచ్చారు, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు, చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలతో పరిచయాలు ఏర్పరిచారు. పురుషులు నడిపినా, స్త్రీలు నడిపినా ఇవన్నీ ఒకేలా ఉన్నాయి. అందుకే ఈ రెండు జట్లను పోల్చితే మిగిలే తేడాను కుర్చీలో ఉన్న మనిషికి ఆపాదించవచ్చు.

ఫలితం రెండు మెట్లుగా వచ్చింది. గృహహింస చట్టం కింద రాసే గృహ సంఘటన నివేదికలు డెస్కు ఉన్న రెండు రకాల స్టేషన్లలోనూ పెరిగాయి. కానీ ఎఫ్ఐఆర్‌లలో పెరుగుదల మాత్రం ముఖ్యంగా మహిళా అధికారులు నడిపిన డెస్కుల్లోనే కనిపించింది. నివేదిక రాయడం తేలిక, దాని వల్ల వెంటనే ఎవరినీ అరెస్టు చేయాల్సిన పని ఉండదు. ఎఫ్ఐఆర్ బరువైన కాగితం. అది కట్టిన రోజు నుంచి దర్యాప్తు, చార్జిషీటు, కోర్టు వాయిదాలు స్టేషన్ నెత్తిన పడతాయి, నేరాల గణాంకాల్లో స్టేషన్ లెక్క పెరుగుతుంది. పద్ధతి, శిక్షణ, గది ఇవి తేలికైన పనిని మగవాళ్ల చేత కూడా చేయించగలిగాయి. బరువైన పని దగ్గర మాత్రం ఎవరు కూర్చున్నారన్నది లెక్కలోకి వచ్చింది. ఈ పరీక్షలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఇదే.

మహిళా పోలీస్ స్టేషన్లు చాలాకాలంగా ఉన్నాయి కదా. అవి ఇదే పని చేయడం లేదా?

మన దేశంలో మొదటి మహిళా పోలీస్ స్టేషన్ 1973 అక్టోబరులో కోళిక్కోడ్‌లో తెరుచుకుంది. 1992లో తమిళనాడు ఆ దారి పట్టి పెద్ద ఎత్తున విస్తరించింది. తెలుగు జిల్లాల్లోనూ ఇవి తెలిసినవే. ఇవి మేలు చేశాయా అని అడిగితే, ఏ రాష్ట్రంలో ఏ కాలంలో చూశారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

2015 ఆగస్టులో హర్యానా ప్రభుత్వం రాఖీ పండుగ సందర్భంగా జిల్లాలన్నిటా ఒకేసారి మహిళా స్టేషన్లు తెరిచింది. నిర్వికార్ జస్సల్ అనే రాజనీతి శాస్త్రవేత్త అక్కడి ఎఫ్ఐఆర్‌లన్నిటినీ సేకరించి, ముందూ వెనుకా పోల్చాడు. స్త్రీలపై నేరాల మొత్తం నమోదు పెరగలేదు. జరిగిందల్లా, మామూలు స్టేషన్ల సిబ్బందికి "ఇది మా పని కాదమ్మా, జిల్లా కేంద్రంలో ఆడవాళ్ల స్టేషన్ ఉంది, అక్కడికి వెళ్లు" అని చెప్పే మర్యాదైన సాకు దొరికింది. వాళ్ల పనిభారం తగ్గింది, ఫిర్యాదుదారుకు ప్రయాణభారం పెరిగింది. అక్కడ పనిచేసే మహిళా పోలీసులకూ ఒరిగింది పెద్దగా లేదని ఆయన ఇంటర్వ్యూల్లో తేలింది.

సోఫియా అమరల్, సోనియా భలోత్రా, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు నగరాల్లోని మహిళా స్టేషన్లను 2005 నుంచి 2013 వరకు చూసి, స్త్రీలపై నేరాల ఫిర్యాదులు పెరిగాయని తేల్చారు. రెండు ఫలితాలూ నిజమే కావచ్చు. నగరంలో మహిళా స్టేషన్ ఆటో ఎక్కితే అందే దూరంలో ఉంటుంది. జిల్లాకొకటి చొప్పున ఉన్న స్టేషన్‌కు మారుమూల మండలం నుంచి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, "ఎక్కడికి వెళుతున్నావు" అన్న ప్రశ్నకు ఇంట్లో జవాబు చెప్పాలి.

మధ్యప్రదేశ్‌లో పనిచేసింది, హర్యానాలో ఎందుకు పనిచేయలేదు?

రెండు చోట్లా మహిళా అధికారులే ఉన్నారు, కాబట్టి తేడా వాళ్ల సంఖ్యది కాదు, వాళ్లను ఉంచిన చోటుది. మధ్యప్రదేశ్‌లో మహిళా అధికారిని అందరూ వచ్చే మామూలు స్టేషన్‌లోనే కూర్చోబెట్టారు. ఆమె రాసిన కాగితం అదే స్టేషన్ రైటర్ దగ్గరికి, స్టేషన్ బాధ్యత చూసే అదే ఎస్‌హెచ్‌ఓ దగ్గరికి వెళుతుంది. పక్క బల్ల మీది కానిస్టేబులు ఆమె ఎలా ప్రశ్నలు అడుగుతోందో వింటాడు. హర్యానాలో ఆమెను విడిగా ఒక భవనంలో పెట్టారు. ఇంగ్లీషులో ఇలాంటివాటిని ఎన్‌క్లేవ్ అంటారు, మనం కంచె వేసిన చోటు అనుకోవచ్చు. కంచె వేయగానే కంచె బయటున్నవాళ్ల బాధ్యత తీరిపోతుంది.

ఊహకు ఒక ఉదాహరణ చూద్దాం. జిల్లా కేంద్రానికి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న మండలంలో ఒకామె రాత్రి 8 గంటలకు దెబ్బలతో స్టేషన్‌కు వచ్చిందనుకోండి. ఆ స్టేషన్‌లోనే మహిళా ఎస్ఐ ఉంటే వాంగ్మూలం ఆ రాత్రే రాసుకుంటారు, ఆసుపత్రికి పంపే ఉత్తరం ఆ రాత్రే ఇస్తారు, డాక్టరు గాయాలను అవి తాజాగా ఉన్నప్పుడే నమోదు చేస్తాడు. మహిళా స్టేషన్‌కు పొమ్మంటే ఆమె మర్నాడు మధ్యాహ్నానికి గానీ అక్కడికి చేరదు, ఈలోగా ఇరుపక్షాల పెద్దమనుషులు ఇంటికి వస్తారు, చివరికి అసలు వెళ్లకపోవచ్చు. ఈ రెండు దారుల్లోనూ రాష్ట్రంలోని మహిళా పోలీసుల శాతం ఒక్కటే.

చట్టం ఎక్కడైనా మహిళా అధికారి ఉండాలని నేరుగా చెబుతుందా?

చెబుతుంది. 2013 సవరణ తర్వాత, లైంగిక నేరాలు, యాసిడ్ దాడి వంటి కొన్ని నేరాల గురించి బాధితురాలైన స్త్రీ సమాచారం ఇస్తే దాన్ని మహిళా పోలీసు అధికారి గానీ, ఎవరైనా మహిళా అధికారి గానీ నమోదు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ ఈ నియమం కొనసాగింది. అంటే కొన్ని సందర్భాల్లో ప్రాతినిధ్యాన్ని చట్టం ఐచ్ఛికంగా వదలలేదు. అయితే గృహహింస, భర్త క్రూరత్వం వంటి ఫిర్యాదులు ఆ జాబితాలో లేవు, స్టేషన్లకు రోజూ వచ్చేవి మాత్రం అవే.

మన రాష్ట్రాల్లో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఎప్పటి నుంచో ఉంది కదా?

ఉంది, దాని చరిత్ర కూడా చెప్పుకోదగినదే. 1984 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో 22-ఎ నియమాన్ని చేర్చింది. స్త్రీపురుషులిద్దరూ సమానంగా తగిన ఉద్యోగాల్లో, మిగతా అర్హతలు సమానమైనప్పుడు, నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో కనీసం 30 శాతం మేరకు స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ నియమం చెప్పింది. ఇది లింగ వివక్షేనంటూ కేసు వేస్తే హైకోర్టు నియమాన్ని కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పి.బి. విజయకుమార్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1995లో సుప్రీంకోర్టు నియమాన్ని నిలబెట్టింది. స్త్రీల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం రాష్ట్రానికి రాజ్యాంగం 15(3) ద్వారా ఇచ్చిందని, అది ఉద్యోగాలకూ వర్తిస్తుందని తీర్పు రాసినవారు జస్టిస్ సుజాతా మనోహర్. 1996లో ఈ వాటాను మూడో వంతుకు పెంచారు.

మరి ఇన్నేళ్ల తర్వాత కూడా పోలీసుల్లో మహిళలు అంత తక్కువ ఎందుకు?

దేశం మొత్తం మీద పోలీసుల్లో మహిళలు ఈ దశాబ్దం మొదట్లో 12 శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. దీనికి సామాజిక కారణాలు చాలా చెబుతారు గానీ, వాటికన్నా ముందు ఒక చిన్న లెక్క చూడాలి, ఎందుకంటే రిజర్వేషన్ కొత్తగా చేరేవాళ్లకు వర్తిస్తుంది, ఉన్నవాళ్లకు కాదు.

వెయ్యి మంది పోలీసులున్న ఒక దళం అనుకుందాం, అందులో మహిళలు 80 మంది. ఏటా 30 మంది రిటైరవుతారు, వాళ్లంతా మగవాళ్లే. ఆ 30 ఖాళీలను ఏ ఏటికాయేడు క్రమం తప్పకుండా నింపి, అందులో మూడో వంతు, అంటే 10 మంది స్త్రీలను తీసుకున్నారు. అలా చేసినా 80 మంది 200 మంది కావడానికి, అంటే 8 శాతం 20 శాతం కావడానికి 12 ఏళ్లు పడుతుంది. ఇది అన్నీ అనుకున్నట్టు జరిగిన లెక్క. నిజానికి నోటిఫికేషన్లు మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి వస్తాయి, భర్తీ కోర్టు కేసుల్లో ఆగుతుంది, కొంతమంది శిక్షణలోనే మానేస్తారు. భర్తీ మూడేళ్లు ఆగిపోతే ఈ లెక్కలో మూడో ఏడాది చివరికి ఉండాల్సిన 30 మంది మహిళలు లేనట్టే.

రెండో సంగతి హోదా. ఈ రిజర్వేషన్ నేరుగా భర్తీ చేసే పోస్టులకే గానీ ప్రమోషన్లకు కాదు. కాబట్టి స్త్రీలు మొదట కానిస్టేబుల్ స్థాయిలో పెరుగుతారు, ఎస్ఐ స్థాయిలో నెమ్మదిగా, సీఐ స్థాయికి ఇంకా ఆలస్యంగా చేరతారు. ఎఫ్ఐఆర్ మీద సంతకం పెట్టేది స్టేషన్ అధికారి. శాతాలు చెప్పేటప్పుడు హోదాలన్నీ కలిపి ఒకే అంకె చెబితే ఇది కనబడదు.

ఒక స్టేషన్‌కు ఎంతమంది మహిళలుంటే సరిపోతుంది?

ప్రతి స్టేషన్‌లోనూ కనీసం ముగ్గురు మహిళా ఎస్ఐలు, పదిమంది మహిళా కానిస్టేబుళ్లు ఉండాలని, అప్పుడే సహాయ డెస్కు రాత్రింబవళ్లు నడుస్తుందని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు సూచించింది. ఇది సలహా మాత్రమే, పోలీసు శాఖ రాష్ట్రాల అధీనంలోనిది. పదిమంది ఎక్కువనిపిస్తుంది గానీ కాదు.

ముగ్గురు మహిళా కానిస్టేబుళ్లున్న స్టేషన్ తీసుకోండి. ఒకరు వారపు సెలవులోనో ప్రసూతి సెలవులోనో ఉంటారు. ఇంకొకరిని జాతరకో, మంత్రి పర్యటనకో బందోబస్తుకు పంపుతారు, ఎందుకంటే జనంలో ఆడవాళ్లను తనిఖీ చేయడానికి మహిళా పోలీసులే కావాలి. మూడో ఆమె మహిళా నిందితురాలికి ఎస్కార్టుగా కోర్టుకు వెళుతుంది. ఇక డెస్కు దగ్గర బోర్డు మిగులుతుంది. మహిళలు తక్కువగా ఉన్నచోట చట్టం మహిళలే చేయాలన్న పనులన్నీ ఆ కొద్దిమంది మీదే పడతాయి, దాంతో పౌరురాలి ఎదురుగా కూర్చునే పనికే ఎవరూ మిగలరు. అంతకన్నా ఎక్కువమంది ఉన్నప్పుడే మిగిలినవాళ్లు డెస్కు దగ్గర కనబడతారు. పరిశోధకులు కొంత సంఖ్య దాటితే గానీ ప్రాతినిధ్యం పనిచేయదని అంటుంటారు. స్టేషన్ డ్యూటీ చార్టు చూస్తే ఆ మాటకు అర్థం సిద్ధాంతం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

మహిళా అధికారి అయినంత మాత్రాన ఆమె ఫిర్యాదుదారు పక్షాన ఉంటుందా?

ఉంటుందనే హామీ లేదు. "సర్దుకుపోవాలమ్మా, నేనూ సర్దుకుపోయినదాన్నే" అనే మహిళా అధికారి ఎవరికీ కొత్త కాదు. ఇది ఆమె స్వభావమో, ఉద్యోగం నేర్పిన పాఠమో విడదీసి చూడాలి.

అమెరికాలోని శాన్ డియేగో నగరంలో వికీ విల్కిన్స్, బ్రయన్ విలియమ్స్ చేసిన అధ్యయనం ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. నల్లజాతి పోలీసులు ఎక్కువగా ఉన్న డివిజన్లలో నల్లజాతి వాహనదారులను ఆపడం తగ్గుతుందని సిద్ధాంతం చెప్పాలి. వాళ్లకు కనిపించింది దానికి ఎదురు, ఆపడంలో జాతి తేడా అక్కడ పెరిగింది. యూనిఫాం వేసుకున్నాక తాను ముందు పోలీసునని తోటివాళ్లకు నిరూపించుకోవాల్సిన ఒత్తిడి, తాను పుట్టిన సమూహపు అనుభవాన్ని మింగేస్తుందన్నది వాళ్ల వివరణ. మహిళా కానిస్టేబుల్ విషయంలోనూ అంతే. కేసు కడితే ఎస్‌హెచ్‌ఓ విసుక్కుంటాడని, రాజీ చేస్తే మెచ్చుకుంటాడని తెలిసినప్పుడు ఆమె మగవాడికన్నా ఎక్కువ రాజీలే చేయవచ్చు.

మధ్యప్రదేశ్‌లో ఆ ఒత్తిడిని తగ్గించింది పైనుంచి వచ్చిన రాతపూర్వక పద్ధతే అని నా అభిప్రాయం. నమోదు చేయాల్సిన వరుస కాగితం మీద ఉంటే, అలా చేసిన అధికారి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

రిజర్వేషన్ ద్వారా వచ్చినవాళ్ల వల్ల పని నాణ్యత తగ్గదా?

ఈ అనుమానాన్ని లెక్కలతో పరీక్షించిన అధ్యయనాలు రెండున్నాయి, రెండూ కులాల రిజర్వేషన్ మీదివి. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ భారతీయ రైల్వేలో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల పాళ్లు పెరిగిన చోట ఉత్పాదకత తగ్గిందా అని చూశారు. తగ్గిన ఆధారం దొరకలేదు. పై స్థాయి ఉద్యోగాల్లో కొంత అనుకూల ప్రభావమే కనిపించింది. రిఖిల్ భవ్నానీ, అలెగ్జాండర్ లీ ఐఏఎస్ అధికారుల విషయంలో ఉపాధి హామీ పథకం అమలును కొలబద్దగా తీసుకున్నారు. రిజర్వేషన్ ద్వారా వచ్చిన అధికారులున్న జిల్లాల్లో అమలు మిగతావాటికన్నా తీసికట్టుగా ఏమీ లేదు. "మెరిట్ దెబ్బతింటుంది" అనే వాదనకు ఇవి సమాధానమవుతాయి గానీ, "ఆ వర్గాల పౌరులకు ప్రత్యేకంగా మేలు జరిగిందా" అనే ప్రశ్నకు కావు. ఆ రెండింటినీ కలపకూడదు.

స్థానికులకే ఉద్యోగాలు అనే నియమం కూడా ఇదే కోవలోకి వస్తుందా?

వస్తుంది. బహుశా తెలుగువాళ్లు ఈ సిద్ధాంతం పేరు వినకముందే దాని మీద అన్నిటికన్నా ఎక్కువగా పోరాడింది ఇక్కడే. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు, 1952 ఆందోళన, 1969, 1972 ఉద్యమాలు, 1973 ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగం 371-డి, దాని కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు అన్నీ ప్రాంతం వారీగా ఉద్యోగాల్లో ప్రాతినిధ్యం చుట్టూ తిరిగినవే. ఆ చర్చంతా ఉద్యోగం ఎవరికి దక్కాలన్నదాని మీద సాగింది. స్థానిక ఉద్యోగి ఉన్న కార్యాలయంలో పౌరుడి పని తొందరగా అవుతుందా అని అప్పుడు ఎవరూ పెద్దగా కొలవలేదు.

ఐఏఎస్‌లో మాత్రం కొలిచారు. గుయో షు, మరియాన్ బెర్‌ట్రాండ్, రాబిన్ బర్జెస్ తమ సొంత రాష్ట్రానికే కేటాయించబడిన అధికారులను బయటి రాష్ట్రాలకు వెళ్లినవాళ్లతో పోల్చారు. సొంత రాష్ట్రంలో ఉన్నవాళ్లు ఎక్కువ అవినీతిపరులని, అక్రమ రాజకీయ ఒత్తిడిని తట్టుకోలేరని అక్కడివాళ్లు భావిస్తున్నట్టు తేలింది. అవినీతి ఎక్కువున్న రాష్ట్రాల్లో ఈ తేడా ఎక్కువ. భవ్నానీ, లీ మరో అధ్యయనంలో సొంత రాష్ట్రపు అధికారుల వల్ల బడుల వంటి సౌకర్యాలు పెరిగిన చోట్లు కూడా ఉన్నాయని, అయితే అది అక్షరాస్యత, పత్రికల చదువరులు ఎక్కువగా ఉండి అధికారిని జనం నిలదీయగల చోట్లేనని చూపించారు. ఊరివాడైతే బంధుత్వాలూ ఉంటాయి, భాషా తెలుస్తుంది. ఆ బంధుత్వం ఎటు పనిచేస్తుందన్నది చూసేవాళ్లుండడాన్ని బట్టి ఉంటుంది. స్త్రీపురుష భేదం విషయంలో ఈ చిక్కు అంతగా రాదు, ఎందుకంటే మహిళా ఎస్ఐకి ఊళ్లోని స్త్రీలంతా చుట్టాలు కారు.

కేసుల సంఖ్య పెరిగితే మేలు జరిగినట్టేనా? నేరాలు పెరిగాయని అనరా?

అంటారు, అదే స్టేషన్ అధికారుల భయం. మహిళా డెస్కు బాగా పనిచేసిన మొదటి ఏడాది గణాంకాల్లో ఆ స్టేషన్ పరిధి చెడ్డగా కనిపిస్తుంది. నమోదు పెరగడం అంటే అంతకుముందు తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఇప్పుడు కాగితం మీదికి వచ్చారని. జిల్లా ఎస్పీ నెలవారీ సమీక్షలో నేరాల సంఖ్య తగ్గించమని ఒత్తిడి చేస్తే, డెస్కు చేసిన పని ఆ సమీక్షలోనే రద్దయిపోతుంది. అలాగని నమోదే ముగింపు కాదు. దర్యాప్తు, చార్జిషీటు, శిక్ష అన్నవి వేరే అధికారుల చేతుల్లో ఉన్నాయి, డెస్కు దగ్గరి ప్రాతినిధ్యం వాటి దాకా దానంతటదే పాకదు.

ఒక స్టేషన్‌లో ప్రాతినిధ్యం పేరుకే ఉందో, పనిచేస్తోందో బయటివాళ్లు ఎలా తెలుసుకోవాలి?

సిబ్బంది శాతం అడగడం వల్ల పెద్దగా తెలియదు. సమాచార హక్కు దరఖాస్తు వేసేవాళ్లకు, జిల్లా స్థాయిలో పనిచేసే సంఘాలకు నేను సూచించేవి వేరు. ఒక ఆరు నెలల కాలంలో స్త్రీలు ఇచ్చిన పిటిషన్లు ఎన్ని, వాటిలో ఎన్నిటిమీద ఎఫ్ఐఆర్ అయింది, ఎన్ని గృహ సంఘటన నివేదికలు రాశారు, ఎన్ని కౌన్సెలింగ్‌తో మూశారు, ఎన్ని మహిళా స్టేషన్‌కు పంపారు అని విడివిడిగా అడగాలి. చివరి రెండు అంకెలే చాలావరకు కథ చెబుతాయి. పంపినవాటిలో అక్కడికి నిజంగా చేరినవి ఎన్నో మహిళా స్టేషన్ రిజిస్టరుతో సరిచూస్తే, దారిలో ఆగిపోయినవాళ్ల సంఖ్య తేలుతుంది.

రెండోది డ్యూటీ చార్టు. అదే ఆరు నెలల్లో సాయంత్రం ఆరు తర్వాత డెస్కు దగ్గర మహిళా అధికారి ఉన్న రోజులెన్ని, ఆమె హోదా ఏమిటి అని అడగాలి. ఆ రాత్రి వేళల్లో ఆమె కానిస్టేబులై, ఎస్ఐ ఫోన్‌లో మాత్రమే అందుబాటులో ఉన్నట్టయితే, ఫిర్యాదు విన్నది ఆమే అయినా కేసు కట్టాలో వద్దో తేల్చింది ఫోన్ అవతలి గొంతు.